ఒకే చీటీ ఫొటో రెండుసార్లు అనువాదం చేస్తే రెండు రకాలుగా వచ్చింది, ఏది నమ్మాలి?

తీరం_ఎచ్చెర్ల

అందరికీ నమస్కారం. మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మా బావ ఆగస్టులో గుజరాత్ వెళ్లాడు, వేరావల్‌లో బోటు మీద పని. మార్చి ఆఖరుకి ఎనిమిది నెలల లెక్క తీసి, కంప్యూటర్‌లో ప్రింట్ చేసిన చీటీ ఒకటి బావ చేతికిచ్చారు. అంతా గుజరాతీ, అంకెలు కూడా గుజరాతీలోనే. బావకి గుజరాతీ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. ఫొటో తీసి వాట్సాప్‌లో మా అప్పకి పంపాడు.

నేను ఫోన్‌లోని అనువాద యాప్‌లో పెట్టి చూస్తే చివర "మిగిలినది 35,000" అని వచ్చింది. సరే, ముప్పై అయిదు వేలు వస్తాయి అనుకున్నాం. సాయంత్రం అప్ప ముందు మళ్లీ చేసి చూపిస్తే "అప్పు, చెల్లించాల్సిన బాకీ 35,000" అని వచ్చింది. అప్పకి ఒకటే టెన్షన్. ఎనిమిది నెలలు సముద్రం మీద ఉండి ఎదురు అప్పు పడటం ఏమిటని రాత్రి అన్నం కూడా తినలేదు.

అదే ఫొటో, అదే యాప్. రెండుసార్లు రెండు మాటలు ఎందుకు వస్తాయి? ప్రతిసారీ ఒకేలా రావాలంటే ఏం చేయాలి? బావ బోటు మళ్లీ వేటకి వెళ్లింది, నాలుగైదు రోజుల దాకా ఫోన్ కలవదు.

డీటీపీ_శ్రీకాకుళం

అమ్మా, ఇది ఫొటో క్వాలిటీ సమస్య. మా షాపులో రోజూ చూస్తూనే ఉంటాను. ఫొటో వంకరగా ఉన్నా, కాగితం మీద నీడ పడినా అక్షరాలు ఒక్కోసారి ఒక్కోలా చదువుతుంది. చీటీని స్కానర్ మీద పెట్టి 300 డీపీఐలో స్కాన్ చేస్తే ఎన్నిసార్లు చేసినా ఒకే అనువాదం వస్తుంది. చీటీ వేరావల్‌లో ఉంది కాబట్టి బావగారిని అక్కడే ఏదైనా జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి పంపమనండి.

బొబ్బిలి_మాస్టారు

అనువాదం ఎప్పుడూ ఒకేలా ఉండదమ్మా. ఒకే పద్యాన్ని నలుగురు విద్యార్థులకి ఇచ్చి తాత్పర్యం రాయమంటే నాలుగు రకాలుగా రాస్తారు, నాలుగూ సరైనవే కావచ్చు. "మిగిలినది", "బాకీ" అనే రెండు మాటలకీ మూలంలో అర్థం ఒక్కటే అయి ఉంటుంది. కంగారు పడకండి.

తీరం_ఎచ్చెర్ల

మాస్టారూ, మాటలు వేరైతే నాకు ఇబ్బంది లేదు. ఒకదాని ప్రకారం డబ్బు మాకు రావాలి, ఇంకోదాని ప్రకారం మేమే కట్టాలి. అదే నా బాధ.

నాగావళి_గట్టు

చెల్లెమ్మా, నేను కొన్నాళ్లు ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే పనిచేశాను. ముందు ఒక సంగతి. ఫొటో అనువాదం అనేది ఒక్క పని కాదు, రెండు పనులు. మొదట ఫొటోలోని అక్షరాలు చదివి మామూలు టెక్స్ట్‌గా మారుస్తుంది. తర్వాత ఆ టెక్స్ట్‌ని తెలుగు చేస్తుంది. తేడా మొదటి పనిలో వచ్చిందా, రెండో పనిలో వచ్చిందా అన్నది తేలకుండా మందు చెప్పలేం.

దానికి నాలుగు సంగతులు చెప్పండి. రెండుసార్లూ ఫొటో ఎలా ఇచ్చారు? గ్యాలరీ నుంచి ఇచ్చారా, కెమెరా పెట్టి చూపించారా? రెండుసార్లూ నెట్ ఉందా? మూల భాష గుజరాతీ అని మీరే ఎంచుకున్నారా, యాప్‌కి వదిలేశారా? అన్నిటికంటే ముఖ్యం, ఫలితం వచ్చిన పేజీలో అసలు గుజరాతీ టెక్స్ట్‌ని కాపీ చేసుకునే వీలు ఉంటుంది. రెండుసార్లూ అది ఏం చదివిందో ఇక్కడ పెట్టండి. తెలుగు ఫలితాల్ని పక్కపక్కన పెట్టి ఎంత చూసినా లాభం లేదు, గుజరాతీ టెక్స్ట్‌లని పోల్చాలి.

డీటీపీ అన్నా, మీరు చెప్పింది మొదటి పనికి నూటికి నూరుపాళ్లు నిజం. రెండో పనికి స్కానర్ ఏమీ చేయలేదు.

తీరం_ఎచ్చెర్ల

అన్నా, మీరు అడిగాక ఆలోచిస్తే తెలిసింది, నేను "అదే ఫొటో" అన్నది సరి కాదు. మొదటిసారి అప్ప నాకు ఫార్వర్డ్ చేసిన ఫొటోని గ్యాలరీ నుంచి పెట్టాను. చివరి లెక్కే కదా కావాలని కుడి పక్క కింది భాగం మాత్రం క్రాప్ చేశాను. రెండోసారి అప్ప ఫోన్‌లో చీటీ తెరిచి ఉంటే, నా ఫోన్ కెమెరాని ఆ స్క్రీన్ మీద పెట్టి తీశాను. అప్పుడు చీటీ మొత్తం పడింది. రెండుసార్లూ నెట్ ఉంది. భాష దగ్గర ఆటోలో ఉంది.

గుజరాతీ అక్షరాలు మీకూ నాకూ రావు కాబట్టి తెలుగు లిపిలోకి మార్చి పెడుతున్నాను.

మొదటిసారి చదివింది:
ఉపాడ్ 45,000
ఘరే మోకల్యా 40,000
బాకీ 35,000

రెండోసారి చదివింది:
జమా ఉధార్
పగార్ 1,20,000 ఉపాడ్ 4ప,000
ఘరే మోకల్యా 40,000
బాకీ 35,000

"4ప,000" అని నిజంగా అలాగే వచ్చింది. తెలుగులో మాత్రం అది "4,000" అయింది.

నాగావళి_గట్టు

ఇప్పుడు దారిలో పడ్డాం. ఇందులో మూడు తేడాలు ఉన్నాయి, మూడిటికీ కారణాలు వేరు.

మొదటిది ఆ "4ప". గుజరాతీలో 5 అంకె, ప అక్షరం దాదాపు కవల పిల్లల్లా ఉంటాయి. 2 అంకె, ర అక్షరం కూడా అంతే. ప్రింట్ స్పష్టంగా ఉంటే యంత్రం పక్కన ఉన్న అంకెల్ని చూసి ఇదీ అంకే అని పట్టుకుంటుంది. మీరు ఫోన్ స్క్రీన్‌ని మరో ఫోన్‌తో తీశారు. అలా తీసినప్పుడు స్క్రీన్ మీది చిన్న చిన్న చుక్కలు, కెమెరా గళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఫొటో నిండా సన్నటి అలలు వస్తాయి. పెద్దది చేసి చూడండి, చారలు కనిపిస్తాయి. ఆ చారల్లో అక్షరం అంచు చెదిరి 5 కాస్తా ప అయింది. అనువాదం చేసే భాగం ఆ "ప" ఏమిటో తెలియక దాన్ని వదిలేసింది. నలభై అయిదు వేలు నాలుగు వేలు అయి కూర్చుంది. "ఇక్కడ ఒక అక్షరం అర్థం కాలేదు" అని అది చెప్పదు, నున్నగా వాక్యం రాసేస్తుంది. అదే ప్రమాదం.

రెండోది "జమా ఉధార్" అనే వరస. చీటీలో ఎడమ పక్క జమా, కుడి పక్క ఉధార్ అని రెండు నిలువు గడులు ఉండి ఉంటాయి. యంత్రం గడుల వారీగా చదవకుండా అడ్డంగా చదివింది. అందుకే ఎడమ పక్క ఉండాల్సిన పగార్, కుడి పక్క ఉండాల్సిన ఉపాడ్ ఒకే లైన్లోకి వచ్చాయి.

మూడోది మీ అసలు ప్రశ్న. రెండుసార్లూ "బాకీ 35,000" అనే లైను అక్షరం తేడా లేకుండా చదివింది, అయినా తెలుగు మారింది. కాబట్టి ఇది చదవడంలో వచ్చిన తేడా కాదు. మొదటిసారి పై భాగం కోసేశారు కాబట్టి ఆ మాటకి పైన "ఉధార్" లేదు. రెండోసారి ఉంది. అనువాద యంత్రం ఒక్కో మాటని విడిగా తెలుగు చేయదు, చుట్టూ ఉన్న మాటల్ని చూసి అర్థం ఎంచుకుంటుంది. పైన ఉధార్ అని కనబడేసరికి ఇదేదో అప్పు వ్యవహారం అనుకుని బాకీని "చెల్లించాల్సిన బాకీ" చేసి ఉంటుంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే పరీక్ష చేయండి. ఇప్పుడు ఫొటో వద్దు. కాపీ చేసిన గుజరాతీ టెక్స్ట్‌నే యాప్‌లో టెక్స్ట్‌గా పేస్ట్ చేసి, భాష గుజరాతీ అని మీరే ఎంచుకుని, ఒకసారి జమా ఉధార్ లైనుతో, ఒకసారి ఆ లైను తీసేసి చేయండి. ఒక్కోటీ మూడేసి సార్లు.

తీరం_ఎచ్చెర్ల

చేశాను అన్నా. పై లైను లేకుండా మూడుసార్లూ "మిగిలినది 35,000". పై లైను పెడితే మూడుసార్లూ "చెల్లించాల్సిన బాకీ 35,000". మీరన్నట్టే ఉంది! అంటే యాప్ తన ఇష్టం వచ్చినట్టు మార్చడం లేదు, నేను ఇచ్చింది మారితేనే అదీ మారుతోంది.

నాగావళి_గట్టు

అవును. అనువాదం కోసమే తయారైన యాప్‌లలో ఎక్కువ భాగం ఇంతే, అదే టెక్స్ట్ ఇస్తే అదే ఫలితం ఇస్తాయి. ఇక్కడ రెండు మినహాయింపులు గుర్తుపెట్టుకోండి. నెట్ ఉన్నప్పుడు కంపెనీ సర్వర్‌లోని పెద్ద మోడల్ పనిచేస్తుంది. నెట్ లేనప్పుడు ఫోన్లో దింపుకున్న చిన్న ప్యాక్ పనిచేస్తుంది, ఆ రెండిటి మాటలూ కలవవు. సముద్రం ఒడ్డు ఊళ్లలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి మీకు తెలియకుండానే ఇది జరగొచ్చు. ఇంకోటి, సర్వర్‌లోని మోడల్‌ని కంపెనీ వాళ్లు అప్పుడప్పుడూ మారుస్తుంటారు. ఈ నెలలో వచ్చిన వాక్యం ఆరు నెలల తర్వాత అలాగే రాకపోవచ్చు.

గరివిడి_కిరణ్

నేను కొంచెం వేరేగా చెబుతాను. నేను అనువాద యాప్ వాడను. చాట్‌లో ఫొటో పెట్టి "తెలుగులో చెప్పు" అని అడిగే ఏఐ యాప్ వాడతాను. అందులో ఒకే ఫైల్ ఇచ్చినా ప్రతిసారీ వాక్యం మారుతుంది. అందుకే మూడుసార్లు అడుగుతాను, రెండుసార్లు వచ్చినదాన్ని తీసుకుంటాను. మీరూ అలా చేయండి సిస్టర్, టెన్షన్ ఉండదు.

నాగావళి_గట్టు

కిరణ్ తమ్ముడూ, చాట్ యాప్‌లో మారడం నిజమే, అది వేరే కారణం. అలాంటి మోడల్ తర్వాతి మాట రాసేటప్పుడు నాలుగైదు మాటలకి తలా ఒక బరువు వేసుకుని, అందులోంచి ఒకదాన్ని చీటీ తీసినట్టు తీస్తుంది. "మిగిలిన"కి ఎక్కువ బరువు ఉన్నా అప్పుడప్పుడూ "రావాల్సిన" పడుతుంది, ఇంకోసారి "బాకీ" పడుతుంది. మొదటి మాట మారితే దాని వెనక వాక్యమంతా మారిపోతుంది. ప్రోగ్రాం రాసి వాడేవాళ్లకి `temperature` అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని సున్నా చేస్తే ఈ ఊగిసలాట చాలా తగ్గుతుంది, పూర్తిగా పోతుందని హామీ లేదు. మామూలు చాట్ తెరలో ఆ సెట్టింగ్ మన చేతికి రాదు. పైగా అదే చాట్‌లో ముందు అడిగిన ప్రశ్నలు కూడా తర్వాతి జవాబుని లాగుతాయి. "ఇది అప్పా?" అని అడిగాక అనువాదం చేయమంటే అప్పు వైపే మొగ్గే అవకాశం ఎక్కువ. ప్రతిసారీ కొత్త చాట్ తెరవాలి.

మూడిట్లో రెండు పద్ధతి దగ్గరే నాకు భయం. తీరం చెల్లెమ్మ పరీక్షలో "చెల్లించాల్సిన బాకీ" మూడుసార్లకి మూడుసార్లూ వచ్చింది. ఓట్లు లెక్కపెడితే అదే గెలుస్తుంది. ప్రతిసారీ ఒకేలా తప్పు చెప్పడం కూడా ఒకేలా రావడమే కదా.

గరివిడి_కిరణ్

అది నేను ఆలోచించలేదు. కానీ మాటలు చదవడంలో తేడా వస్తే మాత్రం మూడుసార్లు చేయడం పనికొస్తుంది కదా? 45,000 రెండుసార్లు వచ్చి ఒకసారి 4,000 వస్తే అనుమానం అయినా కలుగుతుంది.

నాగావళి_గట్టు

దానికి పనికొస్తుంది, ఒప్పుకుంటాను. అయితే మూడు వేర్వేరు ఫొటోలు తీస్తేనే. ఒకే చెడ్డ ఫొటోని మూడుసార్లు ఇస్తే అదే తప్పు మూడుసార్లు వస్తుంది.

పాత_తండేల్

అమ్మా, నేను పదకొండేళ్లు వేరావల్‌లో ఉన్నాను, చివరి నాలుగేళ్లు తండేల్‌గా చేశాను. కళ్లు సరిగా కనబడక మానేశాను. ఫోన్ సంగతులు నాకు తెలియవు, చీటీ సంగతి చెబుతాను.

జమా అంటే నీ బావ పేరున పడిన డబ్బు. పగార్ అంటే జీతం, నెలకి పదిహేను వేల లెక్కన ఎనిమిది నెలలకి లక్షా ఇరవై వేలు. ఉధార్ అంటే అక్కడ లెక్క పుస్తకంలో ఖర్చు పక్క. అప్పు అనే అర్థం బయట వాడతారు, చీటీలో అది ఉత్త గడి పేరు. ఉపాడ్ అంటే బోటు ఎక్కే ముందూ మధ్యలోనూ మనం తీసుకున్న డబ్బు, మన భాషలో అడ్వాన్సు. ఘరే మోకల్యా అంటే ఇంటికి పంపినవి. అన్నీ తీసేయగా మిగిలిందాన్ని వాళ్లు బాకీ అంటారు. మన దగ్గర బాకీ అంటే మనం కట్టాల్సింది. వాళ్ల దగ్గర ఆ మాటకి ఉత్త "మిగులు" అని అర్థం, అది ఎవరు ఎవరికి ఇవ్వాలో మాట చెప్పదు, లెక్క చెబుతుంది.

లెక్క వేసుకో తల్లీ. లక్షా ఇరవై వేలలోంచి నలభై అయిదు పోతే డెబ్బై అయిదు. అందులోంచి నలభై పోతే ముప్పై అయిదు. చీటీలో సరిగ్గా ముప్పై అయిదే ఉంది. జీతం ఎక్కువ, వాడకం తక్కువ. కాబట్టి డబ్బు మీకే రావాలి. మీ అప్పని అన్నం తినమని చెప్పు.

తీరం_ఎచ్చెర్ల

మామా, మీకు ఎలా దండం పెట్టాలో తెలియడం లేదు. అప్పకి చదివి వినిపించాను. ఏడ్చేసింది.

ఆ లెక్క నాకు తట్టనే లేదు. 4,000 తప్పని కూడా అందులోనే తెలిసిపోతుంది. నాలుగు వేలే తీసుకుని ఉంటే మిగిలేది డెబ్బై ఆరు వేలు అవ్వాలి.

బొబ్బిలి_మాస్టారు

నేను ప్రశ్నని తప్పుగా అర్థం చేసుకున్నాను, క్షమించాలి. తండేల్ గారు చెప్పింది చదివాక ఒక మాట కలుపుతాను. బాకీ అనేది అరబ్బీ మాట, అక్కడ దానికి అర్థం మిగిలినది అనే. పార్శీ, ఉర్దూల మీదుగా మన భాషలన్నిటిలోకీ వచ్చింది. గుజరాతీలో, హిందీలో మిగులు అనే అర్థం నిలిచింది, తెలుగులో తీర్చవలసిన రుణం వైపు ఒరిగిపోయింది. రెండు భాషల్లోనూ ఒకే మాట ఉన్నప్పుడే మోసపోయేది ఎక్కువ. తెలియని మాటైతే ఆగి అడుగుతాం.

నాగావళి_గట్టు

మాస్టారూ, దానికి తోడు ఇంకొకటి ఉంది. చాలా అనువాద వ్యవస్థలు గుజరాతీ నుంచి తెలుగుకి నేరుగా రావు, మధ్యలో ఇంగ్లీషు చేసి దాన్ని తెలుగు చేస్తాయి. గుజరాతీ బాకీ ఇంగ్లీషులో "బ్యాలెన్స్" అవుతుంది, లేదా "డ్యూ" అవుతుంది. మొదటిది తెలుగులో "మిగిలినది", రెండోది "చెల్లించాల్సినది" అవుతుంది. మధ్య మెట్టు దగ్గర ఏ మాట పడిందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే నేను ఇలాంటి కాగితాన్ని ముందు ఇంగ్లీషులోకి చేసి చూస్తాను. తెలుగులో కనబడని పొరపాటు అక్కడ కనబడుతుంది. మర్యాద కూడా అక్కడే పోతుంది. గుజరాతీలో పెద్దవాళ్లని మన్నిస్తూ రాసిన "తమే" ఇంగ్లీషులో "యూ" అయి, తెలుగులోకి వచ్చేసరికి ఒకసారి "మీరు", ఒకసారి "నువ్వు" అవుతుంది.

ఇక తెలుగు సంగతి. "చెల్లించాల్సిన మొత్తం 35,000" అంటే ఎవరు చెల్లించాలి? మన వాక్యంలో కర్త లేకపోయినా తప్పు లేదు కాబట్టి అనువాదం దాన్ని దాచేస్తుంది. డబ్బు కాగితాల్లో కర్త లేని వాక్యం వస్తే అక్కడ ఆగండి.

ఇచ్ఛాపురం_అమ్మాజీ

నాదీ ఇదే సమస్య, కొంచెం చెబుతారా? మా మామగారి తాతల నాటి భూమి కాగితాలు ఒడియాలో ఉన్నాయి, చేతిరాత. పర్లాకిమిడి వైపు బంధువుల ఇంట్లో దొరికాయి. ఫొటో తీసి పెడితే ఒకసారి "గ్రామ పెద్ద సాక్షిగా" అని వచ్చింది, ఇంకోసారి "పెద్ద చెరువు పక్కన" అని, మూడోసారి ఏదో పెళ్లి అని వచ్చింది. వాక్యాలు మాత్రం చక్కగా ఉన్నాయి. వీటిలో ఏది తీసుకోవాలి?

నాగావళి_గట్టు

అమ్మా, ఏదీ తీసుకోకండి. తీరం చెల్లెమ్మ చీటీలో రెండు ఫలితాలూ ఒకే కాగితం గురించి మాట్లాడుతున్నాయి, ఒక మాట దగ్గర విడిపోయాయి. మీ దాంట్లో సాక్షి, చెరువు, పెళ్లి, మూడిటికీ పొంతనే లేదు. అంటే యంత్రం ఆ రాతని చదవనే లేదు. తనకు దొరికిన పిచ్చి అక్షరాల నుంచి ఏదో ఒక మంచి వాక్యం అల్లి ఇచ్చింది. చూసుకోవాలంటే అసలు ఒడియా టెక్స్ట్ కాపీ చేసి, కాగితంలో ఎన్ని వరసలున్నాయో అందులో అన్ని వరసలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ప్రతిసారీ వరసల సంఖ్య మారుతుంటే ఇక ఆ దారి వదిలేయడమే. పాత ఒడియా చేతిరాత చదవగలిగిన మనిషి కావాలి.

ఇచ్ఛాపురం_అమ్మాజీ

లెక్కపెట్టాను. కాగితంలో పద్నాలుగు వరసలు. యాప్ ఒకసారి తొమ్మిది, ఒకసారి పదకొండు చూపించింది. మీరన్నది అర్థమైంది. మా పక్క వీధిలో ఒడియా బడిలో చేసి రిటైర్ అయిన ఒకాయన ఉన్నారు, ఆయన్ని అడుగుతాను.

డీటీపీ_శ్రీకాకుళం

తీరం చెల్లెమ్మ పేరు, బోటు నంబరు కనబడకుండా చేసి ఆ ఫొటో నాకు పంపింది. షాపు కంప్యూటర్లో టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో గుజరాతీ వేసి చూశాను. ఇది చదవడం మాత్రమే చేస్తుంది, అనువాదం చేయదు.

```
tesseract chitti.png a -l guj --psm 3
tesseract chitti.png b -l guj --psm 6
diff a.txt b.txt
```

ముందు అదే ఫైల్‌ని అదే సెట్టింగ్‌తో అయిదుసార్లు చదివించి పోల్చాను, `diff` ఏమీ చూపించలేదు. అంటే అయిదూ ఒకటే. కానీ పేజీని ఎలా విడగొట్టి చదవాలో చెప్పే `psm`ని పైన చూపినట్టు మార్చగానే వరస మారిపోయింది. 3 పెడితే ఎడమ గడి మొత్తం చదివి తర్వాత కుడి గడి చదివింది. 6 పెడితే మొత్తాన్ని ఒకే ముద్దగా చూసి అడ్డంగా చదివేసింది, అచ్చం ఆమెకి రెండోసారి వచ్చినట్టు. ఫోన్ యాప్ ఈ నిర్ణయాన్ని తనే తీసుకుంటుంది, ఫొటో కొంచెం వంగితే ఒక రకం, తిన్నగా ఉంటే ఇంకో రకం అనుకుంటాను.

నేను ముందు అన్నదాన్ని సరిదిద్దుకుంటున్నాను. మంచి స్కాన్ ఉన్నా గడులు కలిసిపోవచ్చు. రెండు గడుల కాగితమైతే ఫొటోని మధ్యకి కోసి రెండు ఫైళ్లు చేసి విడివిడిగా చదివించడమే మేలు. ఇంకో మాట, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. బావగారికి ఈసారి డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి.

నాగావళి_గట్టు

గడులు కోసేటప్పుడు గడి పేరుని కూడా దానితోనే ఉంచాలి అన్నా. ఆమె మొదటిసారి పేర్లు లేకుండా కోసింది. ఫలితం సరిగానే వచ్చింది గానీ అది అదృష్టం. ఇంకో కాగితంలో ఆ పేరు లేకపోవడమే పొరపాటుకి కారణం కావచ్చు.

తీరం_ఎచ్చెర్ల

సరే, ఇకపై నేను ఏం చేయాలో నాకు అర్థమైనట్టు రాస్తాను, తప్పుంటే చెప్పండి. బావ డాక్యుమెంట్‌గా పంపిన ఫైల్‌నే వాడతాను, స్క్రీన్ మీద కెమెరా పెట్టను. భాష గుజరాతీ అని నేనే ఎంచుకుంటాను. ఫొటో నుంచి టెక్స్ట్ ఒక్కసారే తీసి, ప్రతి అంకెనీ ఫొటోతో పోల్చి, తప్పులు దిద్ది నోట్స్‌లో దాచుకుంటాను. తర్వాత ఎప్పుడు అనువాదం కావాలన్నా ఆ దిద్దిన టెక్స్ట్‌నే పేస్ట్ చేస్తాను, మళ్లీ ఫొటో జోలికి పోను. తండేల్ మామ చెప్పిన అర్థాలు పక్కన రాసి పెట్టుకున్నాను. ఉపాడ్ అంటే అడ్వాన్సు, బాకీ అంటే మిగులు, ఉధార్ అంటే ఖర్చు పక్క. యాప్ వేరే మాట వేస్తే అక్కడ నేనే మార్చుకుంటాను.

నాగావళి_గట్టు

అంతే చెల్లెమ్మా. ఆ దిద్దిన టెక్స్ట్ దాచుకోవడమే వీటన్నిటిలో ఎక్కువ పనికొచ్చేది. ఒకసారి సరిచూసుకున్న తెలుగు కూడా తేదీ వేసి అక్కడే పెట్టుకోండి. మళ్లీ అవసరమైతే దాన్నే తెరవండి, కొత్తగా చేయకండి. కిరణ్ తమ్ముడిలా చాట్ యాప్ వాడేవాళ్లయితే ఆ అర్థాల పట్టికని కూడా ప్రతిసారీ ముందే ఇచ్చి "ఈ మాటలకి ఇవే వాడు, వరస మార్చకు, అర్థం కానిది ఉంటే ఖాళీ వదులు" అని రాస్తే ఊగిసలాట బాగా తగ్గుతుంది.

గరివిడి_కిరణ్

"ఖాళీ వదులు" అని రాసినా నాది చాలాసార్లు ఖాళీ వదలదు అన్నా, ఏదో ఒకటి నింపేస్తుంది. పట్టిక ఇచ్చి చూస్తాను.

తీరం_ఎచ్చెర్ల

అయిదు రోజుల తర్వాత రాస్తున్నాను. బావ ఒడ్డుకి వచ్చి ఫోన్ చేశాడు. లెక్క రాసే మెహతాజీని అడిగాడట. ముప్పై అయిదు వేలూ బావకే, సీజన్ అయిపోయి బోటు దిగిన రోజున ఇస్తామన్నారు. ఫైల్ డాక్యుమెంట్‌గా పంపాడు. ఎడమ, కుడి విడివిడిగా చేస్తే రెండుసార్లూ ఒకేలా వచ్చింది, అంకెలన్నీ సరిపోయాయి.

కానీ చీటీ అడుగున పెన్నుతో ఒక వరస రాసి ఉంది, మొదటి ఫొటోలో అది మసకగా ఉండి నేను గమనించలేదు. దాన్ని యాప్ ఒకసారి "ఇల్లు", ఒకసారి "రైలు", ఒకసారి ఏమీ లేకుండా చూపిస్తోంది. ఆ వరస వరకే కోసి పైన పెట్టాను. తండేల్ మామా, ఒకసారి చూస్తారా?

పాత_తండేల్

మా మనవరాలి చేత పెద్దది చేయించి చూశాను తల్లీ. మొదటి మాట "భాడుం", అంటే అద్దె, లేకపోతే బండి చార్జీ. ఇంటికి వచ్చే రైలు టికెట్ డబ్బు అయి ఉంటుంది, మా రోజుల్లో కూడా అలాగే చివర పెన్నుతో రాసేవాళ్లు. పక్కన అంకె మాత్రం నాకు తేలడం లేదు. గుజరాతీ చేతిరాతలో ఒకటి, తొమ్మిది ఒకలాగే పడతాయి. పద్దెనిమిది వందలు కావచ్చు, తొమ్మిది వేల ఎనిమిది వందలు కావచ్చు. అది వాళ్లు ఇచ్చేదా, మీ బావ లెక్కలోంచి కోసేదా అన్నది కూడా రాయలేదు. రేపు బోటు కదిలేలోగా మెహతాజీ చేత ఆ ఒక్క వరసా పైకి చదివించి, ఫోన్‌లో రికార్డు చేసి పంపమను.

తీరం_ఎచ్చెర్ల

ఇప్పుడే బావకి మెసేజ్ పెట్టాను మామా. తెల్లారి నాలుగింటికి బోటు కదులుతుందట, దానికి ముందే అడుగుతానన్నాడు.